క్లాసులో విన్న బయాసింగ్ పాఠం నుంచి ల్యాబ్‌లో తప్పు పట్టే చెట్టు: ఒక ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌తో అడుగడుగునా

పాఠంలో అన్నీ బాగానే ఉంటాయి. రెసిస్టర్ల విలువలు ఇస్తారు, కరెంటు లెక్కగడతారు, చివరికి కలెక్టర్ దగ్గర ఎంత వోల్టేజి ఉండాలో తేలుతుంది. ల్యాబ్‌లో మాత్రం కథ తిరగబడుతుంది. మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకు చూపిస్తోందో మనం కనుక్కోవాలి. పాఠం కారణం నుంచి ఫలితానికి వెళ్తుంది, ల్యాబ్‌లో ఫలితం నుంచి కారణానికి రావాలి. ఫార్ములా కంఠస్థం చేసినవాళ్లు కూడా బ్రెడ్‌బోర్డ్ ముందు తెల్లమొహం వేసేది అందుకే.

పాఠం నోట్సునే తిరగేసి, లక్షణం నుంచి కారణానికి దారి చూపే డెసిషన్ ట్రీగా మార్చుకోవచ్చు. ఎలాగో ఒకే ఒక్క సర్క్యూట్ మీద చూపిస్తాను. అది ప్రతి ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లోనూ ఎదురయ్యే కామన్ ఎమిటర్ యాంప్లిఫయర్, వోల్టేజి డివైడర్ బయాస్‌తో. దీనికి చెట్టు గీయడం వస్తే మిగతా ప్రయోగాలకూ అదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి అడుగు: పాఠంలోంచి మూడు అంకెలు తీయండి

మన సర్క్యూట్ ఇది. సప్లై 12 వోల్టులు. బేస్‌కి పైన R1 47 కిలోఓమ్‌లు, కింద R2 10 కిలోఓమ్‌లు. కలెక్టర్‌లో RC 3.3 కిలోఓమ్‌లు, ఎమిటర్‌లో RE 1 కిలోఓమ్, దానికి పక్కన 100 మైక్రోఫారడ్ల బైపాస్ కెపాసిటర్. ట్రాన్సిస్టర్ బీసీ547.

నోట్సులో పేజీన్నర లెక్క ఉండొచ్చు. అందులోంచి మనకు కావలసింది మూడే: బేస్, ఎమిటర్, కలెక్టర్ దగ్గర గ్రౌండ్‌తో పోల్చి కొలిచే వోల్టేజీలు.

```
VB ≈ 12 × 10/(47+10) ≈ 2.1 V
VE ≈ VB − 0.65       ≈ 1.4 V
IC ≈ VE/RE           ≈ 1.4 mA
VC ≈ 12 − 1.4 × 3.3  ≈ 7.4 V
```

బేస్ కరెంటు డివైడర్‌ని కాస్త కిందికి లాగుతుంది కాబట్టి VB నిజానికి 2.05 దగ్గర నిలుస్తుంది. ఎమిటర్ లెక్కలో ఆ 2.05నే తీసుకున్నాను. ఈ చిన్న తేడాలకి కంగారు పడొద్దు. అలాగని ఎంత తేడా వరకు క్షమించాలో ముందే తేల్చుకోకపోయినా ఇబ్బందే. రెసిస్టర్లు 5 శాతం టాలరెన్స్‌వి అయితే, అన్నీ కలిసి ఒకే వైపు చెడినా ఇక్కడ VC సుమారు 6.2 నుంచి 8.4 మధ్యనే ఉంటుంది. అందుకని నా చెట్టులో ‘కలెక్టర్ సరిగ్గా ఉంది’ అంటే 6 నుంచి 8.5 మధ్య ఉందని అర్థం. ఈ హద్దు రాసుకోనివాళ్లు 7.0 కనబడగానే ‘తప్పు’ అని మంచి సర్క్యూట్‌ని విప్పేస్తారు.

రెండో అడుగు: ఒక్కో భాగాన్నీ కాగితం మీద చెడగొట్టండి

చెట్టుకి ముడిసరుకు ఇక్కడే పుడుతుంది, కాబట్టి తొందరపడకండి. ఒక్కో రెసిస్టర్‌ని తీసుకుని ‘ఇది ఓపెన్ అయితే?’, ‘ఇది షార్ట్ అయితే?’ అని అడిగి, అదే పాఠంలోని లెక్కతో మూడు వోల్టేజీలూ మళ్లీ కట్టండి. ఒకసారికి ఒకటే చెడగొట్టాలి.

R2 ఓపెన్ అయిందనుకుందాం. బేస్‌ని కిందికి పట్టి ఉంచేది పోయింది. R1 గుండా వచ్చే కరెంటంతా బేస్‌లోకే పోతుంది, ట్రాన్సిస్టర్ శాచురేషన్‌లోకి వెళ్లిపోతుంది. అక్కడ `IC = βIB` అన్న సూత్రం ఇక చెల్లదు. కలెక్టర్, ఎమిటర్ మధ్య 0.1 వోల్టు మాత్రమే మిగిలిందనుకుని కట్టాలి. అలా కడితే VE 2.9, VC 3.0, VB 3.6 వస్తాయి. ఇలాంటి చోట్లనే పాఠంలో పైపైన చదివేసిన ‘యాక్టివ్ రీజియన్ అనుకుందాం’ అన్న వాక్యానికి అసలు విలువ తెలుస్తుంది. పాఠంలోని ప్రతి ‘అనుకుందాం’ వెనకా చెట్టులో ఒక కొమ్మ దాగి ఉంటుంది.

ఇలా కడుతూ పోతే ఈ పట్టిక తయారవుతుంది (వోల్టులలో):

| చెడింది | VB | VE | VC |
|---|---|---|---|
| ఏదీ లేదు | 2.05 | 1.4 | 7.4 |
| R1 ఓపెన్ | 0 | 0 | 12 |
| R2 ఓపెన్ | 3.6 | 2.9 | 3.0 |
| RC ఓపెన్ | 0.8 | 0.15 | 0.15 |
| RC షార్ట్ | 2.05 | 1.4 | 12 |
| RE ఓపెన్ | 2.1 | 1.7 | 12 |
| బైపాస్ కెపాసిటర్ షార్ట్ | 0.7 | 0 | 0.1 |
| లోపల బేస్–ఎమిటర్ ఓపెన్ | 2.1 | 0 | 12 |
| కలెక్టర్–ఎమిటర్ షార్ట్ | 2.1 | 2.8 | 2.8 |

RE ఓపెన్ అయిన వరుస చూడండి. ఎమిటర్ గాలిలో వేలాడుతోంది, కరెంటు సున్నా. మరి 1.7 వోల్టులు ఎక్కడివి? అవి మీటర్ పెట్టిన భిక్ష. మామూలు డిజిటల్ మల్టీమీటర్‌కి సుమారు 10 మెగాఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. ప్రోబ్ తాకించగానే ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి ఆ మీటర్ గుండానే మైక్రోఆంపియర్‌లో ఆరో వంతు కరెంటు పారుతుంది. అంత కొద్ది కరెంటుకి బేస్–ఎమిటర్ జంక్షన్ మీద 0.4 వోల్టు పడితే చాలు. అందుకే 2.1లోంచి 0.4 పోగా 1.7. ఇది చూడ్డానికి సరైన విలువలాగే ఉంటుంది. దీని గురించి కింద ఒక సంగతి చెప్తాను.

మూడో అడుగు: పట్టికని తిరగేయండి

ఇప్పుడు పట్టికని కారణం వైపు నుంచి కాక అంకెల వైపు నుంచి చదవాలి. ఏ ఒక్క కొలత అడిగితే మంచి సర్క్యూట్ విడిగా తేలి, అనుమానితులు స్పష్టంగా విడిపోతారు? VC నిలువు వరుస చూడండి. 12 దగ్గర ఒక గుంపు, 7.4 దగ్గర ఒకటి, 3 లేదా అంతకన్నా తక్కువ దగ్గర మరో గుంపు. మూడు ముక్కలు చక్కగా విడిపోయాయి. కాబట్టి మొదటి ప్రశ్న కలెక్టర్‌ది. బేస్‌తో మొదలుపెడితే 2.1 దగ్గరే మంచి సర్క్యూట్‌తో పాటు సగం మంది అనుమానితులు పోగుపడతారు, ప్రశ్న దండగ.

చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. పాఠం బేస్‌తో మొదలై ఎమిటర్ మీదుగా కలెక్టర్‌కి వెళ్తుంది కాబట్టి చెట్టుని కూడా అదే వరుసలో గీస్తారు. లెక్కకి ఆ వరుస సరైనదే, వెతకడానికి కాదు.

ఒక్కో గుంపు లోపల మళ్లీ అదే ప్రశ్న వేసుకుంటూ పోతే చెట్టు ఇలా తేలుతుంది.

```
సప్లై బ్రెడ్‌బోర్డ్ మీద 12 V ఉందా?
└ ఉంది → VC ఎంత?
  ├ 12 → VB ఎంత?
  │  ├ 0   → R1 ఓపెన్ / బేస్ గ్రౌండ్‌కి తగిలింది
  │  └ 2.1 → VE ఎంత?
  │     ├ 0   → బేస్–ఎమిటర్ ఓపెన్
  │     ├ 1.4 → RC షార్ట్
  │     └ 1.7 → RE ఓపెన్
  ├ 6–8.5 → డీసీ సరే, సిగ్నల్ వైపు వెళ్లు
  └ 4 లోపు → VE ఎంత?
     ├ 0    → బైపాస్ / RE షార్ట్
     ├ 0.15 → RC ఓపెన్
     └ 2.8–2.9 → VB ఎంత?
        ├ 3.6 → R2 ఓపెన్
        └ 2.1 → కలెక్టర్–ఎమిటర్ షార్ట్
```

VC ఈ మూడు హద్దులకీ నడుమ ఎక్కడో, అంటే 5 దగ్గరో 10 దగ్గరో ఆగితే అది ఓపెన్, షార్ట్‌ల తప్పు కాదు. తప్పుడు విలువ రెసిస్టర్‌నో తిరగబడిన ట్రాన్సిస్టర్‌నో అనుమానించండి.

వేరు దగ్గర సప్లై ప్రశ్న పెట్టడం చాదస్తం కాదు. కొన్ని బ్రెడ్‌బోర్డుల్లో పక్కనుండే పవర్ పట్టీ మధ్యలో తెగి ఉంటుంది. ఒక సగంలో 12 ఉంటుంది, రెండో సగంలో ఏమీ ఉండదు. సప్లై డిస్‌ప్లే మీది అంకెని నమ్మకండి, రెసిస్టర్ కాలు దగ్గరే కొలవండి.

చివరి కొమ్మలో R2 ఓపెన్‌కీ కలెక్టర్–ఎమిటర్ షార్ట్‌కీ తేడా VB ఒక్కటే చెప్తుంది. షార్ట్ అయినప్పుడు ఎమిటర్ 2.8కి లేచి కూర్చుంటుంది, బేస్ 2.1 దగ్గరే ఉండిపోతుంది. బేస్ కన్నా ఎమిటర్ ఎత్తులో ఉందంటే ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ మామూలుగా పనిచేయడం లేదన్నట్టే. అక్కడే VB 4.4 వచ్చి, మిగతా రెండూ 3.7 చుట్టూ ఉన్నాయనుకోండి. అది పట్టికలో లేని తప్పు: R1 చోట 47కి బదులు 4.7 కిలోఓమ్ పెట్టేశారు. పసుపు, ఊదా, నారింజ రావలసినచోట పసుపు, ఊదా, ఎరుపు ఉంటుంది. నేను ఈ కొమ్మని చాలా ఆలస్యంగా చేర్చాను.

నాలుగో అడుగు: ఆకు దగ్గర పేరు మాత్రమే రాసి వదిలేయకండి

‘RE ఓపెన్’ అని రాసినంత మాత్రాన పని అయిపోలేదు. బ్రెడ్‌బోర్డ్ మీద రెసిస్టర్ నిజంగా కాలిపోయి ఓపెన్ అవడం అరుదు. కాలు పక్క వరుసలో దిగడం, వైరు వదులవడం, గ్రౌండ్ పట్టీకి జంపర్ మర్చిపోవడం చాలా మామూలు. కాబట్టి ఆకులో అనుమానం, దాన్ని ఖాయం చేసే పరీక్ష, బాగు చేశాక కనబడవలసిన అంకె ఉండాలి. నా కాగితం మీద ఆ ఆకు ఇలా ఉంటుంది: ‘ఎమిటర్ కాలు దగ్గరా, RE పై కొస దగ్గరా విడివిడిగా కొలువు. రెండూ ఒకటే అయితే తెగింది కింద, RE నుంచి గ్రౌండ్‌కి మధ్య. వేరువేరైతే ఆ రెండు చోట్ల మధ్యే తెగింది. సరిచేశాక VE 1.4, VC 7.4 రావాలి.’

ఇంతకుముందు చెప్తానన్న సంగతి ఇదే. ఒక బ్యాచ్‌లో ఇద్దరు విద్యార్థులు వరసగా మూడు ట్రాన్సిస్టర్లు మార్చి నా దగ్గరికి వచ్చారు.

‘సార్, ఎమిటర్ దగ్గర వోల్టేజి వస్తోంది, బేస్ దగ్గరా వస్తోంది. కలెక్టర్ మాత్రం 12 దగ్గరే నిలబడిపోయింది. ట్రాన్సిస్టర్లన్నీ పోయినవేనా?’

‘ఎమిటర్ దగ్గర ఎంత?’

‘1.7 సార్. 1.4 రావాలి, కాస్త ఎక్కువే, అయినా దగ్గర్లోనే ఉంది కదా.’

‘1.7 ఉంటే RE లో ఎంత కరెంటు పోతున్నట్టు?’

‘1.7 మిల్లీఆంపియర్లు.’

‘అదే కరెంటు RC గుండా వస్తే అక్కడ ఎంత పడాలి?’

ఆ అమ్మాయి లెక్కగట్టి, ‘ఐదున్నర పైనే’ అంది. కానీ పడింది సున్నా. ఒకే దారిలో ఉన్న రెండు రెసిస్టర్లు రెండు రకాల సాక్ష్యం చెప్తున్నాయంటే ఒకటి అబద్ధం. ప్రోబ్‌ని ఎమిటర్ కాలు మీంచి తీసి RE కొసకి పెట్టమన్నాను. మీటర్ సున్నా చూపించింది. ఎమిటర్ కాలు ఒక వరుస పక్కకి దిగి ఉంది. ట్రాన్సిస్టర్లు మూడూ మంచివే.

అప్పటినుంచి నా చెట్టులో VE దగ్గర ఒక నియమం రాసుకున్నాను: వోల్టేజి ఎప్పుడూ ట్రాన్సిస్టర్ కాలు మీదే కొలవాలి, ఆ తర్వాత కరెంటు లెక్క సరిపోతుందో లేదో చూడాలి. 1.4కీ 1.7కీ మధ్య తేడా చిన్నదని వదిలేయకుండా VB లోంచి VE తీసేసి చూడండి. 0.65 వస్తే జంక్షన్‌లో నిజంగా కరెంటు పారుతోంది. 0.4 వస్తే పారేది మీటర్‌కి సరిపడా మాత్రమే.

ఐదో అడుగు: సిగ్నల్ కొమ్మ

డీసీ మూడు అంకెలూ సరిపోయాకే ఇక్కడికి రావాలి. డీసీ తప్పుగా ఉండగా ఆసిలోస్కోప్ చూస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది తప్ప ఏమీ తెలియదు.

పాఠంలోంచి ఈసారి తీయవలసింది గెయిన్. జంక్షన్ రెసిస్టెన్స్ `re = 25 mV / 1.4 mA`, అంటే దాదాపు 18 ఓమ్‌లు. లోడ్ లేకుండా గెయిన్ 3300/18, సుమారు 180. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 10 మిల్లీవోల్టుల పీక్ టు పీక్ ఇస్తే కలెక్టర్ దగ్గర 1.8 వోల్టులు రావాలి.

బైపాస్ కెపాసిటర్ ఓపెన్ అయితే 1 కిలోఓమ్ పూర్తిగా దారిలోకి వస్తుంది. గెయిన్ 3.2కి పడిపోతుంది, 10 మిల్లీవోల్టులకి 32 మిల్లీవోల్టులే వస్తాయి. డీసీలో మాత్రం ఏ తేడా కనబడదు, అందుకే ఇది బాగా ఏడిపిస్తుంది. గెయిన్ 3 కాకుండా 20 దగ్గర ఆగిందా, 100 మైక్రోఫారడ్‌కి బదులు 1 మైక్రోఫారడ్ పెట్టారేమో చూడండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర దాని రియాక్టెన్స్ 159 ఓమ్‌లు. 100 మైక్రోఫారడ్‌దైతే 1.6 ఓమ్‌లే.

సిగ్నల్ అసలే లేకపోతే బేస్ దగ్గర ప్రోబ్ పెట్టండి. బేస్ దగ్గర లేదంటే ఇన్‌పుట్ కెపాసిటర్ గానీ జెనరేటర్ గానీ, జెనరేటర్ గ్రౌండ్‌నీ సర్క్యూట్ గ్రౌండ్‌నీ కలపకపోవడం గానీ. బేస్ దగ్గరా కలెక్టర్ దగ్గరా ఉండి చివర లేదంటే అవుట్‌పుట్ కెపాసిటర్. గెయిన్ సరిగ్గా పదింతలు తేడాగా వస్తే సర్క్యూట్‌ని ముట్టుకోకండి. ప్రోబ్ మీద పదో వంతు స్విచ్‌కీ స్కోప్‌లో పెట్టిన సెట్టింగ్‌కీ పొంతన లేకపోయి ఉంటుంది.

ఇక్కడ ఒక కొమ్మ సిగ్నల్ వైపు నుంచి డీసీ వైపుకి తిరిగి వెళ్తుంది. ఇన్‌పుట్ కెపాసిటర్ మర్చిపోయి జెనరేటర్‌ని సూటిగా బేస్‌కి తగిలిస్తే, జెనరేటర్ లోపలి 50 ఓమ్‌లు R2 ని మింగేస్తాయి. VB సున్నాకి, VC 12కి వెళ్తాయి. చెట్టు మిమ్మల్ని ‘R1 ఓపెన్’ ఆకుకి చేరుస్తుంది, అది తప్పు. కాబట్టి ఆ ఆకుకి ముందు ఒక చిన్న ప్రశ్న చేర్చండి: జెనరేటర్ వైరు పీకేస్తే VB 2.1కి లేస్తుందా? లేస్తే R1 నిర్దోషి.

ఆరో అడుగు: ఇంకొకరి చేత తప్పు పెట్టించి నడిపి చూడండి

చెట్టు గీసినవాడికి అది ఎప్పుడూ సరిగ్గానే కనబడుతుంది. కాబట్టి పక్క బెంచీ వాళ్లని పిలిచి, మీరు చూడకుండా ఒక తప్పు పెట్టమనండి. ఒక వైరు పీకడమో, ఒక రెసిస్టర్ మార్చడమో చేయమనండి. కెపాసిటర్ షార్ట్‌ని నటించడానికి కెపాసిటర్‌ని చెడగొట్టనక్కర్లేదు, దాని మీదుగా ఒక జంపర్ పెడితే చాలు. సప్లై కరెంటు లిమిట్‌ని 20 మిల్లీఆంపియర్ల దగ్గర పెట్టుకుంటే ఈ ఆటలో ఏదీ కాలదు.

ఆ తర్వాత ఊహించడం మానేసి, చెట్టు చెప్పిన కొలతే కొలుస్తూ, చెట్టు చెప్పిన దారినే నడవండి. ఆకుకి చేరేసరికి ఎన్ని కొలతలయ్యాయో రాసుకోండి. పై చెట్టులో సప్లైతో కలిపి నాలుగుకి మించవు. ఏ తప్పైనా తప్పుడు ఆకుకి చేరిస్తే, అక్కడ ఏ ప్రశ్న చేర్చితే విడిపోయేదో చూసుకుని చేర్చండి.

కొన్నిటిని ఈ చెట్టు పట్టుకోలేదు. రెండు తప్పులు ఒకేసారి ఉంటే పట్టికలో లేని అంకెలొస్తాయి. అప్పుడు ఏదో ఒక ఆకుకి బలవంతంగా ఇరికించకండి. RC తప్ప మిగతావన్నీ తీసేసి ఒక్కో భాగాన్నీ చేరుస్తూ, చేర్చిన ప్రతిసారీ కొలవండి. కలెక్టర్, ఎమిటర్ తారుమారైనా అంతే, అంకెలు ఒక్కో ట్రాన్సిస్టర్‌కి ఒక్కో రకంగా వస్తాయి. దాన్ని కొలిచి తేల్చుకోవడం కన్నా చెట్టులోకి అడుగుపెట్టే ముందే కాళ్లు చూసుకోవడం మేలు. బీసీ547ని చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందికి పెట్టి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి సరిగ్గా తిరగేసి: ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చిన రోజున క్లాసు మొత్తానికీ ఒకే రోగం పట్టుకుంటుంది.

వేలితో నొక్కితే పనిచేసి వదిలితే ఆగిపోయే సర్క్యూట్లకి మాత్రం నా చెట్టు చివర ఒకటే రాసి ఉంటుంది: ‘బ్రెడ్‌బోర్డ్‌లో వరుస మార్చు.’